గాలి నిరోధంలో పడే వస్తువు, దాని చరమ వేగం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు అవకలన సమీకరణాలు చెబుతుంటాను. పై నుంచి పడే వస్తువు లెక్క వచ్చిన ప్రతిసారీ ఇంచుమించు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి, అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వేరుగా చెప్పని చోట కింది దిశనే ధనాత్మకంగా తీసుకున్నాను. ఉదాహరణకు ఒకే వస్తువు: ద్రవ్యరాశి 0.5 కిలోలు, నిరోధ గుణకం k = 0.25 kg/s, g = 9.8 m/s². గుండ్రని అంకెలు రావాలని ఎంచుకున్న వస్తువు ఇది. నిజమైన గాలిలో ఇలాంటిది ఉంటుందా అన్న సంగతి చివర్లో తేలుతుంది.

సమీకరణం ఎక్కడి నుంచి వస్తుంది?

న్యూటన్ రెండో నియమం నుంచే, కొత్తగా ఏమీ లేదు. వస్తువు మీద రెండు బలాలు పనిచేస్తున్నాయి. బరువు mg కిందికి లాగుతుంది. గాలి నిరోధం కదలికకు ఎదురుగా ఉంటుంది, దాని పరిమాణం వేగానికి అనులోమానుపాతంలో ఉందని మన ఊహ, అంటే kv. కాబట్టి

m dv/dt = mg − kv

వదిలిన క్షణంలో v సున్నా, నిరోధమూ సున్నా. అప్పుడు త్వరణం పూర్తిగా g. వేగం పెరిగినకొద్దీ kv పెరుగుతుంది, మిగిలే బలం తగ్గుతుంది, దాంతో వేగం పెరిగే తీరు నెమ్మదిస్తుంది. సమీకరణం సాధించకముందే ఈ మాత్రం తెలిసిపోతుంది. బోర్డు మీద సమాకలనం గుర్తు వేసే ముందు నేను విద్యార్థులతో చేతితో గ్రాఫు గీయిస్తాను: మొదట నిటారుగా లేచి, తర్వాత వంగి, చివరకు చదునయ్యే గీత. అది చదునయ్యే ఎత్తే చరమ వేగం. ఆ తర్వాత వచ్చే సూత్రం ఈ బొమ్మకు సరిపోకపోతే తప్పు సూత్రంలోనే ఉందని అర్థం.

మా పుస్తకంలో చరమ వేగం g/k అని ఉంది, మీరు mg/k అంటున్నారు. ఏది సరి?

రెండూ సరే, k వేరు. కొన్ని పుస్తకాలు నిరోధాన్ని kv అని రాస్తాయి, కొన్ని mkv అని రాస్తాయి. రెండో పద్ధతిలో k అంటే కిలో ద్రవ్యరాశికి పడే నిరోధ గుణకం. అక్కడ m రెండు వైపులా కొట్టుకుపోయి dv/dt = g − kv మిగులుతుంది. మీ లెక్కలో ఏ k ఉందో ప్రమాణం చూసి చెప్పవచ్చు. kg/s అయితే మొదటిది, "సెకనుకు" అని మాత్రమే ఉంటే రెండోది. ప్రశ్నపత్రంలో ప్రమాణం ఇవ్వకపోతే నిరోధం గురించి రాసిన వాక్యాన్ని మళ్లీ చదవండి. "ప్రమాణ ద్రవ్యరాశికి" అన్న మాట అక్కడ ఉంటే అది రెండోదే.

వేగాన్ని సాధించే పద్ధతిని మెట్టు మెట్టుగా చెప్పగలరా?

ముందుగా రెండు పేర్లు పెట్టుకుందాం, రాత సగం తగ్గుతుంది. V = mg/k అని, τ = m/k అని అనుకోండి. V వేగం, τ కాలం. సమీకరణాన్ని m తో భాగిస్తే

dv/dt = (V − v)/τ

ఈ రూపాన్ని ఒక్క క్షణం ఆగి చూడండి. వేగం పెరిగే తీరు, V కి చేరడానికి ఇంకా ఎంత లోటు ఉందో దాని మీదే ఆధారపడి ఉంది. లోటు సగమైతే పెరుగుదలా సగమే. ఇప్పుడు చలరాశులను వేరుచేయండి:

dv/(V − v) = dt/τ

రెండు వైపులా సమాకలనం చేస్తే

−ln|V − v| = t/τ + C

ఎడమవైపున్న ఆ రుణ గుర్తును జాగ్రత్తగా పట్టుకోండి. హారంలో v ముందు రుణ గుర్తు ఉంది కాబట్టే అది వచ్చింది. నేను దిద్దే జవాబుపత్రాల్లో ఎక్కువ మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. ఆ గుర్తు పోతే చివర e పై ఘాతం ధనాత్మకమవుతుంది. తప్పు జరిగిందని కనిపెట్టడం సులభం: జవాబులో t కి పెద్ద విలువ వేసి చూడండి. వస్తువు వేగం అంతులేకుండా పోతుంటే రుణ గుర్తు మాయమైందన్నమాట.

నిశ్చల స్థితి నుంచి వదిలాం కనుక t = 0 వద్ద v = 0. దాంతో C = −ln V. అది ప్రతిక్షేపించి సర్దితే

ln((V − v)/V) = −t/τ

v = V(1 − e^(−t/τ))

పాత గుర్తుల్లో రాస్తే v = (mg/k)(1 − e^(−kt/m)).

సమాకలన గుణకం పద్ధతి ఇష్టమైనవారు dv/dt + v/τ = g అని రాసి, రెండు వైపులా e^(t/τ) తో గుణించండి. ఎడమవైపు మొత్తం v·e^(t/τ) అవకలజంగా మారుతుంది. సమాకలనం చేస్తే v = gτ + C·e^(−t/τ). gτ అంటే V యే కనుక జవాబు అదే. మార్కుల విషయంలో రెండింటికీ తేడా లేదు. నాకు మాత్రం మొదటిదే నచ్చుతుంది, లోటు ఎలా కరుగుతుందో అందులో కళ్లెదుట కనిపిస్తుంది.

మన ఉదాహరణలో V = 0.5 × 9.8 / 0.25 = 19.6 m/s, τ = 2 సెకన్లు. 1 సెకను తర్వాత వేగం 7.7, 2 సెకన్లకు 12.4, 4 సెకన్లకు 16.9, 10 సెకన్లకు 19.5 m/s. గాలి లేకుంటే ఇవే క్షణాల్లో 9.8, 19.6, 39.2, 98 ఉండేవి. మొదటి సెకనులో తేడా కొద్దిగానే ఉంది, పదో సెకనుకు పోలికే లేదు.

చరమ వేగం అడిగితే ఇదంతా సాధించాలా?

అక్కర్లేదు. చరమ వేగంలో త్వరణం ఉండదు కనుక సమీకరణంలో dv/dt = 0 పెట్టండి, mg = kv అవుతుంది, v = mg/k వచ్చేస్తుంది. రెండు మార్కుల ప్రశ్నకు ఇది చాలు.

అయితే ఇందులో ఒక చిన్న సందు ఉంది. త్వరణం సున్నా అయ్యే వేగం ఒకటి ఉన్నంత మాత్రాన వస్తువు అక్కడికి చేరుతుందని రుజువు కాదు. (V − v)/τ గుర్తు చూడండి. v తక్కువైతే అది ధనాత్మకం, వేగం పెరుగుతుంది. v ఎక్కువైతే రుణాత్మకం, వేగం తగ్గుతుంది. ఏ వైపు నుంచి వచ్చినా V వైపే లాగుతోంది. ఈ రెండు వాక్యాలు రాస్తే జవాబు పూర్తి.

వదలకుండా, చరమ వేగం కంటే ఎక్కువ వేగంతో కిందికి విసిరితే?

పైన సంవర్గమానంలో నిలువు గీతలు పెట్టింది ఇలాంటి సందర్భం కోసమే. తొలి వేగం u అయితే సాధారణ జవాబు

v = V + (u − V)e^(−t/τ)

మన వస్తువును 30 m/s తో కిందికి విసిరితే v = 19.6 + 10.4e^(−t/2). 2 సెకన్లకు 23.4 m/s. అంటే కిందికి పడుతూనే నెమ్మదిస్తోంది. ఇది విని చాలామంది నమ్మరు. విసిరిన క్షణంలో నిరోధం 0.25 × 30 = 7.5 న్యూటన్లు, బరువు 4.9 న్యూటన్లే. పైకి నెట్టే బలం పెద్దది, వేగం తగ్గక తప్పదు.

ఎంతసేపటికి చరమ వేగం చేరుతుంది?

గణితం ప్రకారం ఎప్పటికీ చేరదు. e^(−t/τ) ఏ క్షణంలోనూ సున్నా కాదు. అందుకే "ఎప్పుడు చేరుతుంది" అన్న ప్రశ్నను "ఎంత దగ్గరకు ఎప్పుడు" అని మార్చుకోవాలి. τ సెకన్లలో చరమ వేగంలో 63 శాతం, 3τ కి 95 శాతం, 4.6τ కి 99 శాతం. మన వస్తువుకు 99 శాతం చేరడానికి 9.2 సెకన్లు పడుతుంది.

τ కి గ్రాఫు మీద ఒక చక్కని అర్థం ఉంది. V = gτ కదా, అంటే గాలి లేకుండా పడే వస్తువు సరిగ్గా τ సెకన్లకు అందుకునే వేగమే మన చరమ వేగం. పై అంకెల్లో 2 సెకన్ల దగ్గర 19.6 కనిపించింది అందుకే. గ్రాఫుకు మూలబిందువు దగ్గర స్పర్శరేఖ గీసి, అది V ఎత్తులోని అడ్డగీతను ఎక్కడ తాకుతుందో చూస్తే ఆ కాలమే τ. ప్రయోగంలో వచ్చిన గ్రాఫు నుంచి k కనుక్కోవడానికి ఈ కిటుకు పనికొస్తుంది.

నిరోధం లేకపోతే k = 0 పెట్టాలి కదా, సూత్రంలో హారం సున్నా అవుతోంది!

నేరుగా పెట్టకూడదు, k ని సున్నాకు దగ్గర చేయాలి. e^(−kt/m) ని శ్రేణిగా విస్తరిస్తే

v = gt − (k/2m)gt² + ...

ఇప్పుడు k సున్నాకు దగ్గరైతే v = gt మిగులుతుంది, మనకు ఇంటర్ నుంచి తెలిసిన సూత్రమే. పైగా రెండో పదం ఒక సంగతి చెబుతోంది: τ తో పోలిస్తే చాలా తక్కువ కాలంలో గాలి ప్రభావం పట్టించుకోనక్కర్లేదు.

పైకి విసిరిన వస్తువుకు రెండు సమీకరణాలు రాయాలా?

ఒక్కటే చాలు, కానీ ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వాళ్లు ఇలా ఆలోచిస్తారు: పైకి వెళ్లేటప్పుడు నిరోధం కిందికి కాబట్టి +kv, కిందికి వచ్చేటప్పుడు నిరోధం పైకి కాబట్టి −kv. వినడానికి సబబుగానే ఉంది, కానీ తప్పు. కింది దిశ ధనాత్మకమని మొదట్లోనే అనుకున్నాం. వస్తువు పైకి వెళ్తుంటే v యే రుణాత్మకం, అప్పుడు −kv ధనాత్మకం, అంటే కిందికి. గుర్తు దానంతట అదే మారింది. మీరు చేత్తో మళ్లీ మారిస్తే నిరోధం వస్తువును ముందుకు నెట్టినట్లవుతుంది. (నిరోధం వేగ వర్గానికి అనులోమంగా ఉంటే ఈ సౌకర్యం ఉండదు. v² కి గుర్తు మారదు, అక్కడ నిజంగానే రెండు సమీకరణాలు కావాలి. ఈ గందరగోళం బహుశా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.)

మన వస్తువును 19.6 m/s తో పైకి విసురుదాం, u = −19.6. సూత్రంలో పెడితే v = 19.6 − 39.2e^(−t/2). అత్యున్నత బిందువులో v = 0, కాబట్టి e^(−t/2) = 1/2, t = 2 ln 2 = 1.39 సెకన్లు. గాలి లేకుంటే 2 సెకన్లు పట్టేది. విసిరిన క్షణంలో త్వరణం కిందికి 19.6 m/s², అంటే g కి రెట్టింపు. పైన ఆగిన క్షణంలో సరిగ్గా g, ఎందుకంటే అక్కడ v లేదు, నిరోధమూ లేదు.

పడిన దూరం?

వేగాన్ని మరోసారి సమాకలనం చేయండి. నిశ్చల స్థితి నుంచి అయితే y = Vt − Vτ(1 − e^(−t/τ)). మన వస్తువు 4 సెకన్లలో 44.5 మీటర్లు పడుతుంది. గాలి లేకుంటే 78.4 మీటర్లు.

నిరోధం వేగానికి అనులోమంగా ఉండడం నిజంగా ఎక్కడైనా జరుగుతుందా?

జరుగుతుంది, కానీ చాలా చిన్నవాటికి. గోళం చుట్టూ గాలి సుడులు లేకుండా నెమ్మదిగా జారిపోతుంటే నిరోధం 6πηrv అని జార్జ్ స్టోక్స్ 1851లో చూపాడు. η గాలి స్నిగ్ధత, r వ్యాసార్ధం. అంటే మన k కి విలువ దొరికింది: k = 6πηr.

మనకు దగ్గరి ఉదాహరణ చూద్దాం. కరీంనగర్ వైపు గ్రానైట్ కోసే షెడ్డు ముందు ఎండవేళ నిలబడితే, వాలుగా పడే వెలుతురులో తెల్లటి పొడి తేలుతూ కనిపిస్తుంది. అందులో వ్యాసార్ధం 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు ఉన్న ఒక రేణువును గోళం అనుకుందాం. గ్రానైట్ సాంద్రత 2700 kg/m³, గాలి స్నిగ్ధత 1.8 × 10⁻⁵ Pa·s.

ద్రవ్యరాశి (4/3)πr³ρ = 1.13 × 10⁻¹¹ kg. k = 6πηr = 3.39 × 10⁻⁹ kg/s. ఇక V = mg/k = 0.033 m/s, అంటే సెకనుకు 3.3 సెంటీమీటర్లు. τ = m/k = 0.0033 సెకన్లు.

ఈ τ ని గమనించండి. 5τ గడిచేసరికి రేణువు అర మిల్లీమీటరు కూడా పడదు, అప్పటికే చరమ వేగంలో 99 శాతం దాటేసింది. కాబట్టి మిగతా దారంతా ఒకే వేగం. మనిషి ముక్కు ఎత్తు, దాదాపు ఒకటిన్నర మీటరు నుంచి నేల చేరడానికి 1.5/0.033 = 46 సెకన్లు. అదే ఎత్తు నుంచి వదిలిన రాయికి అర సెకను చాలు.

ఇప్పుడు వ్యాసార్ధం నాలుగో వంతు, 2.5 మైక్రాన్లు చేయండి. m లో r³ ఉంది, k లో r ఉంది, కాబట్టి V లో r² మిగులుతుంది. వేగం పదహారో వంతుకు, సెకనుకు 2 మిల్లీమీటర్లకు పడిపోతుంది. నేల చేరడానికి 12 నిమిషాలు పడుతుంది, అదీ గాలి కదలకుండా ఉంటేనే. షెడ్డులో ఒక ఫ్యాను తిరిగితే చాలు, సెకనుకు 2 మిల్లీమీటర్ల వేగానికి విలువే ఉండదు, రేణువు గాలితోపాటే తిరుగుతుంది. ఊపిరితిత్తుల లోపలికి చేరేది కూడా ఈ సన్న పొడే. కోత బ్లేడు మీద నీళ్లు ధారగా పోయడానికి బ్లేడును చల్లార్చడంతో పాటు ఇదీ ఒక కారణం: పొడి గాలిలోకి లేవకముందే తడిసి కిందికి పోవాలి.

అసలు రేణువులు గుండ్రంగా ఉండవు, పలుకుల్లా ఉంటాయి. అదే ఘనపరిమాణం ఉన్న గోళం కంటే ఇంకొంచెం నెమ్మదిగా పడతాయి. పై అంకెలను అంచనాగానే తీసుకోండి.

మరి వర్షపు చినుకుకు ఇదే సూత్రం వేయవచ్చా?

వేసి చూడండి, ఏం జరుగుతుందో. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న చినుకుకు ఇదే పద్ధతిలో V సుమారు 120 m/s వస్తుంది. గంటకు 430 కిలోమీటర్లు! అలాంటి వాన కురిస్తే పత్తి చేలో ఒక్క కాయ మిగలదు. నిజంగా అలాంటి చినుకు సెకనుకు 6, 7 మీటర్ల వేగంతో పడుతుంది.

సూత్రం ఎక్కడ విరిగిందో రేనాల్డ్స్ సంఖ్య చెబుతుంది. గాలి సాంద్రత × వేగం × వ్యాసం ÷ స్నిగ్ధత, అంతే. స్టోక్స్ నియమం నిలవాలంటే ఇది 1 కంటే తక్కువ ఉండాలి. 10 మైక్రాన్ల గ్రానైట్ రేణువుకు ఇది 0.04, నిశ్చింతగా వాడవచ్చు. చినుకుకు మనం కనుక్కున్న వేగంతో లెక్కిస్తే 16,000 వస్తుంది. అంత సంఖ్య దగ్గర గాలి వస్తువు వెనుక సుడులు తిరుగుతుంది, నిరోధం v² తో పెరుగుతుంది. కాబట్టి ముందు V కనుక్కోండి, ఆ V తోనే రేనాల్డ్స్ సంఖ్య చూడండి. అది 1 దాటితే V ని నమ్మవద్దు.

ఇదే కొలబద్దతో మన అరకిలో వస్తువు కూడా నెగ్గదు. పారాచూట్‌తో దిగే మనిషీ అంతే, పుస్తకాల్లో అతని మీద kv తో లెక్కలు కనిపిస్తాయి కానీ. అవి సాధించే పద్ధతి నేర్చుకోవడానికి పనికొస్తాయి, నిజమైన వేగం చెప్పడానికి కాదు.

ల్యాబ్‌లో ఆముదంలో గుండు వేసే ప్రయోగం ఇదేనా?

ఇదే, గాలికి బదులు ఆముదం. ఒక్క మార్పు: గాలిలో పట్టించుకోని ఉత్ప్లవన బలాన్ని ఇక్కడ తీసివేయాలి. ρ స్థానంలో గుండు సాంద్రత నుంచి నూనె సాంద్రతను తీసివేసి వాడండి. ఉక్కుకు 7800, ఆముదానికి 960, తేడా 6840 kg/m³. V = 2r²(6840)g/9η.

ఇక్కడ రీడింగులు చెడగొట్టేది ఎక్కువగా ఎండే. ఆముదం స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర దాదాపు 1 Pa·s, 40 డిగ్రీల దగ్గర దానిలో సుమారు నాలుగో వంతు. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న ఉక్కు గుండు మొదటి సందర్భంలో సెకనుకు 1.5 సెంటీమీటర్లు, రెండో సందర్భంలో దాదాపు 6 సెంటీమీటర్లు దిగుతుంది. డిసెంబరు ఉదయం చేసిన ప్రయోగానికీ వరంగల్ ఎండల్లో మే నెలలో చేసినదానికీ జవాబులు కలవకపోతే మీ గడియారాన్ని తప్పుపట్టకండి. రికార్డులో నూనె ఉష్ణోగ్రత రాసే గడి ఎందుకుందో చూడండి. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు.